కాల్ బ్యాక్‌స్ప్రెడ్: నేను తప్పు రాసిన ఆ మధ్య గుంట

ఎన్ఐఎస్ఎం సిరీస్-8 ఈక్విటీ డెరివేటివ్స్ పరీక్షకు చదువుతున్న మిత్రులకు నమస్కారం. నా ప్రిపరేషన్‌లో అన్నిటికన్నా ఎక్కువసార్లు తప్పు చేసిన అంశం కాల్ బ్యాక్‌స్ప్రెడ్ కనుక దాని గురించే రాస్తున్నాను.

ఒక ఊహాత్మక లెక్క తీసుకుందాం. నిఫ్టీ 24,000 దగ్గర ఉన్నప్పుడు 24,000 స్ట్రైక్ కాల్ ఒకటి 300కి అమ్మి, అదే గడువున్న 24,400 కాల్స్ రెండు, ఒక్కొక్కటి 130కి కొన్నామనుకోండి. వచ్చింది 300, పోయింది 260, చేతిలో మిగిలింది 40 పాయింట్లు. గడువు రోజున నిఫ్టీ 24,000 కన్నా కింద ముగిస్తే మూడు ఆప్షన్లూ సున్నా అవుతాయి, ఆ 40 మనకే మిగులుతుంది.

మాక్ పరీక్షలో గరిష్ఠ నష్టం అడిగినప్పుడు, ఆప్షన్లు కొన్నవాడికి కట్టిన ప్రీమియమే నష్టమన్న అలవాటుతో నేను 260 అని గుర్తించాను. అది తప్పు. నిఫ్టీ 24,000 దాటి పెరిగే కొద్దీ అమ్మిన కాల్ ప్రతి పాయింటుకూ మన నుంచి ఒక పాయింటు లాగుతుంది, కానీ కొన్న రెండూ 24,400 దాటేదాకా నిద్రలోనే ఉంటాయి. అందుకే 24,040 దగ్గర లాభం అయిపోయి, సరిగ్గా 24,400 దగ్గర నష్టం 400లోంచి 40 పోగా 360కి చేరుతుంది. అంటే మనం కొన్న స్ట్రైకే అన్నిటికన్నా లోతైన చోటు. దాన్ని దాటాక రెండు కాల్స్ రెండేసి పాయింట్లు తెస్తుంటే అమ్మినది ఒకటే తీసుకుంటుంది కనుక, మిగిలే ఒక్కో పాయింటుతో ఆ 360 పూడాలి. పై బ్రేక్ ఈవెన్ 24,760. నిఫ్టీ 25,200కు వెళితే లాభం 440, ఆపైన దానికి హద్దు లేదు.

ఈ లెక్క గడువు రోజుది మాత్రమేనని గ్రహించడానికి నాకు చాలా కాలం పట్టింది. కొన్ని రోజుల్లోనే నిఫ్టీ 24,400 చేరి, కొన్న కాల్స్ ఒక్కొక్కటి 210, అమ్మినది 470 పలుకుతుంటే నష్టం 10 పాయింట్లే, ఎందుకంటే కొన్న రెండింటిలో ఇంకా కాలపు విలువ ఉంది. నిఫ్టీ అక్కడే కదలకుండా గడువుకు దగ్గరైతే ఆ విలువ కరిగిపోయి గుంట 360 దాకా లోతవుతుంది. మార్కెట్లో ఒడిదుడుకుల అంచనా పెరిగితే రెండు కాల్స్ ఉన్నవాడికి మేలు, పడిపోతే కీడు. కాబట్టి నెమ్మదిగా, కొద్దిగా మాత్రమే పెరిగే మార్కెట్ ఈ వ్యూహానికి శత్రువు.

చివరగా, కొన్న కాల్స్ ఒక్కొక్కటి 160 అయితే 20 పాయింట్లు ఎదురు చెల్లించాలి. అప్పుడు కింది బ్రేక్ ఈవెన్ ఉండదు, 24,000 కన్నా కింద కూడా 20 నష్టమే, గరిష్ఠ నష్టం 420 అవుతుంది. ప్రశ్నలో ముందుగా ప్రీమియం మిగిలిందా, పోయిందా అన్నది చూసుకున్నాకే నేను పెన్ను కదిపేవాణ్ణి.