హాస్పిటల్ బ్యాగు: ముందు బిడ్డ కవరు
గర్భం 36వ వారానికి వచ్చేసరికి కాన్పుకు తీసుకెళ్లే బ్యాగు సిద్ధంగా ఉండాలి. అన్నీ ఒకే సంచిలో కుక్కితే చిక్కు వస్తుంది. కాన్పు కాగానే నర్సు బిడ్డ బట్టలు అడుగుతుంది, తోడున్నవాళ్లు సంచి అడుగుదాకా వెతుకుతూ ఉంటారు. పుట్టిన బిడ్డ ఒళ్లు త్వరగా చల్లబడుతుంది. అందుకే ఉతికి ఆరబెట్టిన చొక్కా, టోపీ, సాక్సులు, రెండు మెత్తటి గుడ్డలు, ఒక డైపరు విడిగా ఒక కవరులో పెట్టి, పైన "మొదటి జత" అని రాయండి. రోజుకు పది డైపర్ల దాకా పడతాయి, రెండు రోజులకు ఇరవై. బొడ్డుకు ఒరుసుకోకుండా డైపరు అంచు కిందికి మడవాలి.

తల్లికి ముందు గుండీలున్న నైటీలు మూడు, పెద్ద మెటర్నిటీ ప్యాడ్లు రెండు ప్యాకెట్లు. మామూలు పల్చటివి మొదటి రోజుల రక్తస్రావానికి ఆగవు. గంటకో పెద్ద ప్యాడ్ తడిసిపోతుంటే వెంటనే నర్సుకు చెప్పాలి. లోదుస్తులు నడుము పైదాకా వచ్చేవే కొనండి. సిజేరియన్ అయితే కుట్టు మీద ఎలాస్టిక్ నొక్కదు.

తోడుండేవారికి ఒక జత బట్టలు, దుప్పటి, పొడవు వైరు ఛార్జరు చాలు. రిపోర్టుల ఫైలు, గుర్తింపు కార్డులు మాత్రం వాళ్ల చేతి సంచిలోనే ఉండాలి. అడ్మిషన్ దగ్గర నిలబడేది వాళ్లే కదా.