ఆరు అంకెలొచ్చాయి, రావాల్సినవి రెండే

నిన్న రాత్రి రెండు గంటలు NumPy కోడ్‌తో కుస్తీ పట్టాక డాట్ ప్రొడక్ట్ నిజంగా తలకెక్కింది. కిలో బియ్యం 60, కందిపప్పు 150, ఉల్లిపాయలు 40 రూపాయలు అనుకుంటే అది ధరల వెక్టర్, `w`. మా ఇంటికి 2, 1, 3 కిలోలు కావాలి, అంటే 120+150+120, మొత్తం 390, కిరాణా కొట్టాయన రోజూ చేసే ఈ లెక్కే డాట్ ప్రొడక్ట్. పక్కింటివాళ్ల చీటీ 1, 2, 0 కింది వరుసలో పెడితే 2×3 మ్యాట్రిక్స్, `X`.

నేను `X * w` అని రాశాను. ఎర్రర్ రాలేదు, అదే నన్ను ముంచింది, ఆరు అంకెలొచ్చాయి, అంటే గుణించింది గానీ కూడలేదు. `X @ w` అని మార్చగానే రెండు బిల్లులు: 390, 360. లీనియర్ రిగ్రెషన్‌లో ధరల చోట వెయిట్స్ ఉంటాయి, లెక్క ఇదే. ఇప్పుడు ముందు ఫలితం `.shape` చూస్తున్నాను, `(2,)` రావాలి, `(2, 3)` వస్తే కూడిక జరగనట్టే.