ఫాల్సిపారం మలేరియా: మూడో రోజు స్లైడ్‌లో కూడా క్రిములు కనపడ్డయి, మా తమ్ముని కేసులో నా అనుభవం

మా తమ్ముడు ఛత్తీస్‌గఢ్ దిక్కు రోడ్డు పనికి పోయి చలిజ్వరంతో నాగర్‌కర్నూల్ తిరిగొచ్చిండు, టెస్ట్ చేస్తే ఫాల్సిపారం మలేరియా. స్లైడ్‌లో 200 తెల్ల రక్తకణాలు లెక్కబెట్టేలోపు 480 క్రిములు కనపడ్డయట. మూడు రోజులు ఆర్టిసునేట్, మొదటి రోజే దాంతోపాటు ఎస్పీ గోలీలు (సల్ఫాడాక్సిన్, పైరిమెథమిన్ కలిపినవి) ఒక్కసారి, రెండో రోజు ప్రైమాక్విన్ ఇచ్చిండ్రు. జ్వరం తొందరగనే దిగింది, "అన్నా తగ్గింది కదా ఇంక గోలీలెందుకే" అన్నడు గానీ నేను దగ్గరుండి మింగించిన.

మందు మొదలైన 72 గంటలకు మళ్లీ స్లైడ్ తీస్తే ఇంకా 3 క్రిములు ఉన్నయి. నాకైతే గుండె జారింది, మందుకు లొంగని మలేరియానేమో అని.

డాక్టర్ సార్ నిమ్మళంగ చెప్పిండు. ఆర్టిసునేట్ చానా స్పీడ్‌గ చంపుతది కానీ కొన్ని గంటల్లోనే ఒంట్లకెల్లి పోతది. కెల్చ్13 అనే జీన్ మారిన క్రిములు చిన్న రింగు దశలో ఆ కొన్ని గంటలు ఎదగకుండ ఆగిపోయి బతుకుతయి, అందుకే రక్తం క్లియర్ కావడం లేటైతది, ఆర్టిసునేట్ జాతి మందులకు ఇట్ల లొంగకపోవడాన్నే ఆర్టిమిసినిన్ రెసిస్టెన్స్ అంటరు. కానీ మొదట క్రిములు మస్తుగున్నా, గోలీలు కక్కుకున్నా కూడా లేటైతది కాబట్టి ఒక్క స్లైడ్ చూసి రెసిస్టెన్స్ అని చెప్పలేం అన్నడు. మూడో రోజు క్రిములతో పాటు జ్వరం కూడా ఉంటే, లేకపోతే మొదటి లెక్కల పావు వంతు అంటే 120 గానీ అంతకంటె ఎక్కువ గానీ మిగిలుంటే అప్పుడు మందు ఫెయిలైనట్టు, మావోనికి రెండూ లేవు.

మరి మిగిలినవాటిని ఎవరు చంపుతరు అంటే ఎస్పీ, అది రోజుల తరబడి రక్తంల ఉంటది. నాకు అసలు విషయం ఇక్కడ అర్థమైంది, క్లియరెన్స్ లేటైనంత మాత్రాన రోగం తిరగబెట్టదు, తోడు మందు గట్టిగుంటే అదే పని పూర్తి చేస్తది. కంబోడియాలో తోడు మందు పిపరాక్విన్‌కు కూడా క్రిములు అలవాటు పడినంకనే ట్రీట్‌మెంట్లు ఎక్కువగ ఫెయిలైనయి. మన ఈశాన్య రాష్ట్రాల్లో ఎస్పీ పని చేయక 2013లో ఆర్టిమెథర్-లూమిఫాంట్రిన్ అనే వేరే జంట మందుకు మార్చిండ్రు. ఒక్క ఆర్టిసునేట్ గోలీలే కొనుక్కొచ్చి మింగితే ఈ తోడే ఉండదు, మిగిలినవి మళ్లీ పెరుగుతయి.

7వ రోజు స్లైడ్ క్లియర్, 14వ రోజు కూడా. మధ్యలో ఎవరో కార్డు టెస్ట్ చేస్తే పాజిటివ్ చూపించి ఇంట్ల అందరు మళ్లీ పరేషాన్ అయిండ్రు. ఆ కార్డు పట్టేది క్రిమి వదిలిన ప్రోటీన్‌ను, క్రిములు చచ్చినా అది వారాల పాటు రక్తంల ఉంటదట, అందుకే తగ్గిందా లేదా చూడాలంటే స్లైడే చూడాలె. 28వ రోజు స్లైడ్ కూడా క్లియర్ వచ్చినంకనే వాణ్ని మళ్లీ పనికి పోనిచ్చినం.