ఫ్రీజ్ మూడో రోజు

గురువారం. సోమవారం రిలీజ్. మంగళవారమే రిలీజ్ బ్రాంచి తీశాం కాబట్టి అందులోకి ఏం వెళ్లాలన్నా నేను ఓకే చెప్పాలి. పొద్దున ల్యాప్‌టాప్ తెరిచేసరికి మూడు పుల్ రిక్వెస్టులు ఉన్నాయి.

మొదటిది లైబ్రరీ వెర్షన్ పెంచడం. రాసింది ఒక్క లైనే, కానీ లాక్ ఫైల్లో దాని వెనకే ఇంకో పన్నెండు ప్యాకేజీలు మారిపోయాయి. సెక్యూరిటీ లోపం కోసమైతే ఆలోచించేదాన్ని. కాదు కాబట్టి వచ్చే రిలీజ్‌కి పంపేశాను.

మిగతా రెండూ బిల్లుల బగ్‌లే. ఫ్రీజ్‌లో నేను ముందు చూసేది, ఈ బగ్ ఇప్పటికే జనం దగ్గర ఉందా, లేక మనం సోమవారం కొత్తగా ఇవ్వబోతున్నామా అని. తప్పు తెచ్చిన కమిట్ దొరికితే అది తెలుసుకోవడం తేలికే:

```
git tag --contains 4f2c9ab
```

ఎక్స్‌పోర్ట్ ఫైల్లో ఒక పైసా తేడా వచ్చే బగ్‌కి పాత రిలీజ్ ట్యాగ్‌లు రెండు కనిపించాయి. అంటే పాతదే. పైగా ఆ ఫిక్స్ మార్చే ఫంక్షన్‌నే అసలు బిల్లు కూడా వాడుతుంది. "అక్కా, ఫిక్స్ రెడీగానే ఉంది కదా, ఎందుకు ఆపడం?" అన్నాడు ఆ ఫిక్స్ రాసిన టీమ్ తమ్ముడు. రెండు రాత్రులు కూర్చున్నాడు, నాకూ బాధేసింది. కానీ ఫైల్లో పైసా తేడా సరిచేయబోయి బిల్లు మొత్తమే తప్పితే? అన్ని రకాల బిల్లులూ పరీక్షించే టైమ్ లేదు. ఆపాను.

రెండోదానికి ఒక్క ట్యాగ్ కూడా రాలేదు. అయినా దీన్నొక్కదాన్నే నమ్మకూడదు. ఆ కమిట్‌ని ఎవరైనా పాత బ్రాంచిలోకి చెర్రీ-పిక్ చేసి ఉంటే దాని ఐడీ మారిపోతుంది, ట్యాగ్ కనిపించదు. అందుకే టెస్టింగ్ అక్కని పాత వెర్షన్‌లో చూడమన్నాను. అందులో బాగానే ఉంది. కొత్తదాంట్లో మాత్రం జీఎస్టీ నంబర్ లేని కస్టమర్‌కి బిల్లు పేజీయే తెరుచుకోవడం లేదు. ఇది ఆగడానికి వీల్లేదు.

తీరా చూస్తే ఫిక్స్ మూడు లైన్లు, దాంతోపాటు నూట నలభై లైన్ల క్లీనప్. అసలు కమిట్‌నే రివర్ట్ చేద్దామనుకున్నాను గానీ దాని మీద ఇంకో రెండు మార్పులు కట్టేశారు, కాన్‌ఫ్లిక్ట్‌లు వచ్చాయి. క్లీనప్ విడదీసి మూడు లైన్లూ ఒక టెస్టూ మాత్రమే పంపమన్నాను. వచ్చాక ఆ మూడు లైన్లు తీసేసి టెస్ట్ నడిపాను, ఫెయిలైంది. అంటే టెస్ట్ సరైనదాన్నే పట్టుకుంటోంది.

ముందు మెయిన్‌లో కలిపి, తర్వాత రిలీజ్ బ్రాంచిలోకి `git cherry-pick -x` చేశాను. `-x` ఇస్తే అసలు కమిట్ ఐడీ మెసేజ్‌లో ఉండిపోతుంది. పోయినేడు ఒక ఫిక్స్‌ని నేరుగా రిలీజ్ బ్రాంచిలోనే వేసి మెయిన్ సంగతి మర్చిపోయాం. తర్వాతి రిలీజ్‌లో అదే బగ్ మళ్లీ వచ్చింది.

సాయంత్రం ఆరింటికి అక్క జీఎస్టీ నంబర్ లేని కస్టమర్‌తో పేజీ తెరిచి చూపించింది. వెళ్లేముందు తమ్ముడి పైసా ఫిక్స్ దగ్గర ఏయే బిల్లులు పరీక్షించాలో రాసిపెట్టాను. ఫ్రీజ్ ఎత్తేయగానే మెయిన్‌లోకి మొదట వెళ్లేది అదే.