సక్యులెంట్ల మట్టి కలపడం: పాళ్లే కాదు, ఇసుకా మార్చాల్సి వచ్చింది

నా సక్యులెంట్లలో ఒకటైన ఎచెవేరియా కింది ఆకులు రెండు నీరుపట్టి గాజులా మారాయి. తాకితే చాలు, ఊడి చేతిలోకి వచ్చాయి. నీళ్లు పోసి అప్పటికి తొమ్మిది రోజులు. పైన మట్టి పొడిగానే ఉంది కానీ, మొక్కను బయటికి తీస్తే కుండీ అడుగున రెండంగుళాల మేర తడి ముద్ద. వేళ్లు ముదురు గోధుమరంగులో ఉన్నాయి. ఒకదాన్ని వేళ్ల మధ్య పట్టుకుని లాగితే పైతొక్క జారిపోయి లోపల సన్నటి దారం మిగిలింది. వేరుకుళ్లు అని చెప్పడానికి ఇంతకంటే గుర్తు అక్కర్లేదు.

నేను వాడిన మట్టిలో ఇసుక, తేలికైన తెల్ల గుళికల పెర్లైట్, కొబ్బరిపీచు పొడి అయిన కోకోపీట్ సమానంగా ఉన్నాయి. కోకోపీట్ ఎక్కువైందేమో అని ముందు అనుకున్నాను. అది కొంతవరకే నిజం. అసలు సంగతి మళ్లీ కలిపినప్పుడు తెలిసింది. ఒక్కోటి ఒక డబ్బా చొప్పున మూడు డబ్బాలు పోస్తే, కలిపాక కొలిస్తే రెండుంపావే వచ్చింది. ఆ తగ్గిన ముప్పావు డబ్బా ఎక్కడికి పోయింది? సన్న ఇసుక మిగతా రేణువుల మధ్య సందుల్లో దూరిపోయింది. నీళ్లు కిందికి జారాల్సినవీ, వేళ్లకు గాలి అందాల్సినవీ ఆ సందులే. ఇసుక కలిపితే నీరు నిలవదు అని అందరూ అంటారు గానీ, సన్న ఇసుక విషయంలో ఆ మాట తలకిందులవుతుంది.

రెండో వారం అంతా ఇసుకతోనే గడిచింది. ఒక మిల్లీమీటరు కన్నాల జల్లెడలో పట్టి, కిందికి రాలినదంతా పక్కన పెట్టేశాను. పైన మిగిలినదాన్ని నాలుగు మిల్లీమీటర్ల జల్లెడలో మళ్లీ పట్టి పెద్ద రాళ్లు ఏరేశాను. మొత్తం ఇసుకలో పనికొచ్చింది మూడోవంతు కూడా లేదు. దాన్ని బకెట్లో వేసి చేత్తో కలియబెడుతూ, ఒండ్రు నీళ్లు పారబోస్తూ కడిగాను. ఐదోసారికి నీళ్లు తేటగా వచ్చాయి.

కోకోపీట్‌ని మూడుసార్లు నానబెట్టి, గట్టిగా పిండి వాడాను. ఇది ఉప్పు పోవడానికి. నీళ్లు ఎర్రగా వస్తున్నాయా అన్నది ఇక్కడ కొలమానం కాదు, ఆ రంగు పీచుది, ఉప్పుది కాదు. పెర్లైట్‌ని సంచిలో ఉండగానే కొంచెం తడిపాను. పొడిగా ఒంపితే లేచే తెల్ల దుమ్ము గొంతులోకి పోతుంది.

ఈసారి పాళ్లు: ఇసుక రెండు, పెర్లైట్ రెండు, కోకోపీట్ ఒకటి. ఐదు డబ్బాలు పోస్తే నాలుగున్నరకు కొంచెం తక్కువ వచ్చింది. పిడికిట్లో పట్టి నొక్కి వదిలితే ముద్ద కట్టకుండా విడిపోయింది.

నమ్మకం కుదరడానికి ఒకే సైజు నాలుగంగుళాల ప్లాస్టిక్ కుండీలు రెండు తీసుకుని, మొక్క లేకుండానే ఒకదాంట్లో పాత మట్టి, ఇంకోదాంట్లో కొత్తది నింపాను. రెండూ బాగా ఎండాక తూచి, నిండా నీళ్లు పోసి, కారడం ఆగాక మళ్లీ తూచాను. పాతది 205 గ్రాముల నీరు పట్టుకుంది, కొత్తది 120. ఐదో రోజుకు పాతదాంట్లో ఇంకా 110 గ్రాములు ఉంది, కొత్తదాంట్లో 20 మాత్రమే. పైన వేలు పెట్టి చూస్తే రెండూ ఒకేలా పొడిగా తగిలాయి. అందుకే వేలితో చూడడం మానేసి ఇప్పుడు కుండీని తూచి చూస్తున్నాను.

అడుగున గులకరాళ్ల పొర వేయడం కూడా మానేశాను. పైనున్న సన్న మట్టి పూర్తిగా నానేదాకా నీరు రాళ్లలోకి దిగదు. అంటే తడి ముద్ద పోకపోగా, ఇంకాస్త పైకి, వేళ్ల దగ్గరికి వస్తుంది.

ఎచెవేరియాకి కుళ్లిన వేళ్లన్నీ కత్తిరించి, నాలుగు రోజులు నీడలో ఆరబెట్టి, పొడి మట్టిలో నాటాను. వారం తర్వాతే మొదటి నీళ్లు. ఆరో వారంలో మెల్లగా లాగి చూస్తే గట్టిగా పట్టుకుంది. నీళ్లు పోసినప్పుడల్లా పెర్లైట్ పైకి తేలుతోంది కాబట్టి పైన అరంగుళం ముతక ఇసుక పరిచాను.

ఈ మిశ్రమం అన్నిటికీ సరిపోలేదు. ఆకుల నుంచి మొలిపిస్తున్న పిల్లమొక్కలు రెండు రోజులకే ముడుచుకుపోయాయి. వాటి సన్నటి వేళ్లకు ఇంత త్వరగా ఆరడం పడదు. వాటికి కోకోపీట్‌ని రెండు పాళ్లకు పెంచాను. హవర్తియా అనే సక్యులెంట్లకూ కోకోపీట్ ఒకటిన్నర వంతు వేసి చూస్తున్నాను. దీంట్లో పోషకాలు దాదాపు లేవు కాబట్టి, మొక్క పెరిగే కాలంలో నెలకోసారి డబ్బా మీద చెప్పినదాంట్లో సగం మోతాదు ద్రవ ఎరువు ఇస్తున్నాను. పక్కన పెట్టిన సన్న ఇసుక ఇంకా బకెట్లోనే ఉంది, అది కుండీల్లోకి మాత్రం వెళ్లదు.