రెయిలింగ్ కరపత్రానికి హెడ్‌లైన్ ఎలా దొరికింది

విశాఖ ఆటోనగర్‌లో స్టీల్ రెయిలింగ్‌లు చేసే ఒకాయన కరపత్రం రాసిపెట్టమన్నారు. హెడ్‌లైన్ ఆయనే రాసుకొచ్చారు: "నాణ్యతకు మారుపేరు, నమ్మకానికి చిరునామా". కింద ఆయన షాపు పేరు కొట్టేసి ఒక టైల్స్ షాపు పేరు రాసి చూపించాను. అతికినట్టు సరిపోయింది. ఎవరికైనా సరిపోయే మాట చదివి ఎవరూ ఆగరు. ఏ హెడ్‌లైన్‌కైనా నేను ముందు పెట్టే పరీక్ష ఇదే.

తర్వాత కాగితం పక్కనపెట్టి, బీచ్ రోడ్డు వైపు ఫ్లాట్ల వాళ్లు షాపుకొచ్చి ముందుగా ఏమంటారని అడిగాను. "ఏటంటారండీ, స్టీలే కదా, మరి ఈ మచ్చలేటి అంటారు" అన్నారు. నాకు కావలసింది దొరికింది.

ఆయన మాత్రం "ఎన్నటికీ తుప్పు పట్టని రెయిలింగ్" అని పెడదామన్నారు. వద్దన్నాను. ఆయన అమ్మేది 316 రకం స్టీల్. అందులో మాలిబ్డినం అనే లోహం ఉంటుంది కాబట్టి మామూలు 304 కంటే ఉప్పుగాలికి బాగా తట్టుకుంటుంది. అయినా ఉప్పు పేరుకుపోతే దానికీ మచ్చలు వస్తాయి. మొదటి మచ్చ కనబడిన రోజున ఆ హెడ్‌లైన్ అబద్ధమైపోతుంది.

చివరికి ఇలా రాశాను: "స్టీలే వేయించారు. మరి బాల్కనీ రెయిలింగ్‌పై ఈ గోధుమరంగు మచ్చలేంటి?"

సముద్రానికి దూరంగా పెందుర్తిలో ఇల్లున్నవాళ్లకు ఇది పట్టదు. పట్టనక్కర్లేదు కూడా, కరపత్రాలు పంచేది సముద్రం పక్కనున్న పాండురంగాపురం, లాసన్స్ బే వైపే. అక్కడివాళ్లు చదవగానే ఒకసారి బాల్కనీ వైపు చూస్తారు.

ఎక్కువ ప్రకటనలు చెడిపోయేది హెడ్‌లైన్ తర్వాతి వాక్యం దగ్గరే. ఆయన కాగితంలో అది "నేటి ఆధునిక యుగంలో ప్రతి ఒక్కరూ తమ ఇల్లు అందంగా ఉండాలని కోరుకుంటారు" అని ఉంది. హెడ్‌లైన్ ఒకటి అడిగితే ఇది ఇంకేదో చెబుతోంది. మచ్చలెందుకో తెలుసుకుందామని వచ్చినవాడు ఇక్కడే కాగితం మడిచేస్తాడు. అందుకే జవాబుతోనే మొదలుపెట్టాను: "మీది 304 రకం అయ్యుండొచ్చు. సముద్రానికి దూరంగా అది బాగానే ఉంటుంది. ఉప్పుగాలి తగిలే చోటికి 316 కావాలి. దాన్నీ అప్పుడప్పుడు మంచినీళ్లతో కడగాలి."

కడగాలని రాస్తే కొనరేమోనని ఆయనకు టెన్షన్. ఆ వాక్యం ఉంటేనే పైమాట నమ్ముతారని పట్టుబట్టి ఉంచాను. షాపు పేరు, ఫోన్ నంబరు అడుగుకి వెళ్లాయి.

పంచాక ఫోన్లు వచ్చాయి. ధర కంటే ముందు చాలామంది అడిగింది, తమది ఏ రకమో ఎలా తెలుస్తుందని. రెండో కరపత్రానికి అదే హెడ్‌లైన్ చేశాను: "మీ రెయిలింగ్ 304నా, 316నా?" కింద మొదటి వాక్యం: "అయస్కాంతం పెట్టి చూస్తే తేలదు. మాలిబ్డినం ఉందో లేదో చెప్పే టెస్టింగ్ చుక్క వేసి మీ ముందే చూపిస్తాం."