చెంచా పరీక్ష, అయోడిన్ చుక్క: పెరుగు, అరటికాయలపై నా వంటింటి నోట్సు

మా ఊరు రావులపాలెం పక్కనే. అరటి గెలలకు కొదవ లేదు, గేదె పాలకూ లేదు. ఈ ఏడాది సంక్రాంతి నుంచి రెండు ప్రశ్నలు పట్టుకుని తిరుగుతున్నాను. పెరుగులోని మంచి బ్యాక్టీరియా మన వంటకాల్లో ఏ దశ వరకు బతికి ఉంటుంది? పేగుల్లోని మంచి బ్యాక్టీరియాకు ఆహారమయ్యే పిండి అరటికాయలో ఎప్పుడు ఉంటుంది, ఎప్పుడు పోతుంది? మొదటిది ప్రోబయోటిక్స్ సంగతి, రెండోది ప్రీబయోటిక్స్ సంగతి. ఒకటి ప్రాణమున్న సూక్ష్మజీవి. రెండోది మనకు అరగకుండా పెద్దపేగు దాకా వెళ్లి, అక్కడి బ్యాక్టీరియాకు మేతయ్యే పదార్థం. ఒకటి వేడికి చస్తుంది. రెండోదానికి చావు లేదు కానీ, వండితే రూపం మారుతుంది. నా పనంతా ఈ తేడా చుట్టూ తిరుగుతోంది.

జనవరి: తోడు

చలికాలంలో మా ఇంట్లో పెరుగు తోడుకోవడమే గగనం. కాబట్టి అక్కడే మొదలుపెట్టాను. లీటరు గేదె పాలు బాగా మరిగించి, సన్నని మంట మీద మరో పది నిమిషాలు ఉంచితే పెరుగు గట్టిగా వస్తుంది. పాలలోని కొన్ని ప్రోటీన్లు ఆ వేడికి విచ్చుకుని, తోడుకునేటప్పుడు నీటిని పట్టి ఉంచుతాయి. తర్వాత పాలు 42 డిగ్రీల దాకా చల్లారాలి. థర్మామీటరు లేనివారికి గుర్తేమిటంటే, చిటికెన వేలు ముంచి పది లెక్కపెట్టేదాకా హాయిగా ఉంచగలగాలి. రెండు టీ చెంచాల తోడు వేసి, మూత పెట్టి, దుప్పటి చుట్టి బియ్యం డబ్బాలో పెడితే తెల్లారేసరికి తోడుకుంటుంది. మే నెలలో ఇదే పని నాలుగైదు గంటల్లో అయిపోతుంది. ఆ వెంటనే ఫ్రిజ్‌లో పెట్టకపోతే సాయంత్రానికి పులిసి, పైన నీళ్లు తేలుతాయి.

ఒక వారం పెరుగు తీగలు సాగింది. చెంచాతో ఎత్తితే దారంలా జారింది. పాలు మరీ చల్లారాక తోడు వేస్తే ఇలా జరుగుతుంది. తక్కువ వేడిలో పెరిగే కొన్ని రకాల బ్యాక్టీరియా జిగట చక్కెరలు తయారు చేస్తుంది. వాసన, రుచి బాగుంటే అది మామూలుగా హాని చేసేది కాదు. కానీ దాన్నే మళ్లీ తోడుగా వాడితే తీగలు పోవు, వేరే ఇంటి తోడు తెచ్చుకోవాలి. గులాబీ లేదా నారింజ రంగు మచ్చలు కనిపించినా, పెరుగంతా బుడగలు కట్టి చిల్లులు పడినా రుచి చూడకుండా పారబోయాలి.

ఇక్కడొక మాట చెప్పాలి. ఇంటి పెరుగులో కోట్ల కొద్దీ బతికున్న బ్యాక్టీరియా ఉంటుంది. అయినా శాస్త్రం లెక్క ప్రకారం దాన్ని ప్రోబయోటిక్ అనడానికి తటపటాయించాలి. 2001లో ఐక్యరాజ్యసమితి ఆహార, ఆరోగ్య సంస్థల నిపుణులు ఇచ్చిన నిర్వచనం ప్రకారం, తగినంత మోతాదులో తీసుకున్నప్పుడు ఆరోగ్యానికి మేలు చేసే సజీవ సూక్ష్మజీవులే ప్రోబయోటిక్స్. ఆ మేలు ఏ జాతిలో ఏ తెగ చేస్తుందో పరీక్షల్లో తేలాలి. మా అత్తయ్యగారి తోడులో ఏ తెగలున్నాయో ఎవరూ లెక్కపెట్టలేదు. కొట్లో ప్రోబయోటిక్ అని అమ్మే పెరుగు డబ్బా మీద మాత్రం తెగ పేరు, అందులోని బ్యాక్టీరియా సంఖ్య ఉండాలి. అవి లేకపోతే ఆ మాటకు పెద్ద విలువ లేదని నా అభిప్రాయం. పెరుగు గురించి గట్టిగా చెప్పగలిగేది ఒకటుంది. పాలు పడనివారికి పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను అరిగించుకోవడంలో అది సాయపడుతుంది. అందుకు గ్రాముకు పది కోట్ల సజీవ యోగర్ట్ బ్యాక్టీరియా ఉండాలని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2010లో తేల్చింది.

ఫిబ్రవరి: చెంచా పరీక్ష

ఒక వంటకంలో బ్యాక్టీరియా బతికి ఉందో లేదో ఇంట్లో తెలుసుకోవడం ఎలా? కాచి, గోరువెచ్చగా చల్లార్చిన పాలు అర గ్లాసు చొప్పున వరసగా పోశాను. ఒక్కో గ్లాసులో ఒక్కో వంటకం అర చెంచా కలిపాను. ఒక గ్లాసులో ఏమీ కలపలేదు. అది చాలా ముఖ్యం, ఎందుకంటే పాలు వాటంతటవే విరిగితే మన పరీక్ష అబద్ధం చెబుతుంది. అన్నీ ఒకే డబ్బాలో రాత్రంతా ఉంచి, ఉదయం వంచి చూశాను. వాటిని తాగలేదు, ఎవరూ తాగకూడదు.

ఉత్త పెరుగు కలిపిన గ్లాసు ఊహించినట్టే తోడుకుంది. మజ్జిగ పులుసు కలిపిన గ్లాసు పాలలాగే ఉండిపోయింది. పులుసు మరిగింది కాబట్టి బ్యాక్టీరియా చచ్చింది. రుచికి లోటు లేదు కానీ ప్రోబయోటిక్ లెక్కలోకి రాదు. ఇడ్లీ ముక్క కలిపిన గ్లాసు కూడా అంతే. అదే పిండిని ఆవిరి పట్టకముందు కలిపితే బుడగలతో తోడుకుంది. ఎక్కువ కాలం నిల్వ ఉండే అట్టపెట్టె మజ్జిగ కూడా తోడు వేయలేకపోయింది. దాన్ని బాగా వేడిచేసి నింపుతారు, పెట్టె మీద చిన్న అక్షరాల్లో ఆ సంగతి రాసి ఉంటుంది. ఆవకాయ నూనె సంగతీ చూడమని మా వదిన అడిగింది. పాలు చెక్కుచెదరలేదు. అంత ఉప్పు, నూనె మధ్య పెరుగు బ్యాక్టీరియాకు చోటెక్కడిది?

నన్ను ఆశ్చర్యపరిచింది పోపు. కాగే నూనె పడితే పెరుగు చచ్చిపోతుందనుకున్నాను. పెరుగు పచ్చడి గ్లాసు మామూలు పెరుగంత బాగా తోడుకుంది. లెక్క వేస్తే కారణం తెలిసింది. 180 డిగ్రీల నూనె రెండు టీ చెంచాలు, అంటే సుమారు పది గ్రాములు, 400 గ్రాముల చల్లని పచ్చడిలో పడితే మొత్తం వేడి రెండు మూడు డిగ్రీలకు మించి పెరగదు. నూనె తగిలిన చోట మాత్రమే చస్తాయి. భయపడాల్సింది పొగలు కక్కే అన్నానికి. 80 డిగ్రీల అన్నం 200 గ్రాములు, ఫ్రిజ్ పెరుగు 150 గ్రాములు కలిపితే దాదాపు 48 డిగ్రీల దగ్గర ఆగుతుంది. ఇది కొన్ని రకాలకు ఇబ్బందే. పెరుగు తక్కువ, అన్నం ఎక్కువ అయితే 60 దాటుతుంది. అప్పుడు బ్యాక్టీరియాలో చాలా భాగం పోవచ్చు. అన్నం చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక పెరుగు కలిపితే చాలు.

ఈ పరీక్షకు ఒక హద్దుంది. పాలను పులిపించే ప్రాణి ఉందని మాత్రమే చెబుతుంది. అది పేగుల్లో మేలు చేస్తుందని చెప్పదు.

మార్చి: అయోడిన్

అరటి దగ్గరకు వచ్చాను. పచ్చి అరటికాయ గుజ్జులో పిండి దాదాపు ఐదో వంతు ఉంటుంది. ఆ పిండి గుళికలు అంత గట్టిగా ఉంటాయి కాబట్టి చిన్నపేగులో సరిగ్గా అరగవు. వీటినే అరగని పిండి అంటారు. పండే కొద్దీ ఆ పిండి చక్కెరగా మారిపోతుంది. కళ్లతో చూడటానికి మందుల షాపులో దొరికే పోవిడోన్ అయోడిన్ పది వంతుల నీళ్లలో కలిపి, ముక్క మీద చుక్క వేస్తే చాలు. పచ్చి బొంత కాయ ముక్క సిరా పోసినట్టు నల్లబడింది. దోరగా ఉన్న చక్కెరకేళి అక్కడక్కడా నల్లబడింది. తొక్క మీద చుక్కలు పడిన పండు గోధుమ రంగులోనే ఉండిపోయింది. ఆ ముక్కలు చెత్తబుట్టలోకే వెళ్లాలి.

దీని అర్థం ఏమిటంటే, అరటిపండు ప్రీబయోటిక్ అనే మాట ఆ పండు ఎంత పండిందన్న దాని మీద ఆధారపడుతుంది. బాగా పండినదానిలో అరగని పిండి దాదాపు ఉండదు. ఫ్రక్టాన్ అనే పీచు కొద్దిగా ఉంటుంది, వంద గ్రాములకు సుమారు అర గ్రాము. ప్రీబయోటిక్ ప్రయోజనం కోసం రోజుకు మూడు నుంచి ఐదు గ్రాములు ఇచ్చి పరీక్షలు చేస్తుంటారు. ఒక పండుతో అంత రాదు. అదే ఫ్రక్టాన్ ఉల్లిపాయలో వంద గ్రాములకు రెండు మూడు గ్రాములైనా ఉంటుంది, వెల్లుల్లిలో ఇంకా ఎక్కువ. పచ్చి ఉల్లి ముక్కలు కలిపిన మజ్జిగలో బతికున్న బ్యాక్టీరియా, దాని మేత రెండూ ఒకేసారి దొరుకుతాయి.

ఏప్రిల్: అరటికాయ పెరుగు పచ్చడి

ఇప్పుడు అసలు చిక్కు. పచ్చి అరటికాయను ఎవరూ అలాగే నమలలేరు. ఉడికిస్తే పిండి గుళికలు నీరు తాగి ఉబ్బి, సులువుగా అరిగేలా మారతాయి. అయితే చల్లారబెడితే అందులో కొంత పిండి మళ్లీ గట్టిపడి అరగని రూపానికి వస్తుంది. మొత్తం తిరిగిరాదు, కొంత మాత్రమే.

నేను చేస్తున్నది ఇలా. రెండు బొంత కాయలు తొక్కతోనే కుక్కరులో ఒక విజిల్ వచ్చేదాకా ఉడికించి, నీళ్లు వార్చి, ఆరాక రాత్రంతా ఫ్రిజ్‌లో పెడతాను. ఉదయం తొక్క తీసి చేత్తో చిదిమి, పావు లీటరు పెరుగు, పచ్చిమిర్చి, అల్లం, కొత్తిమీర, ఉప్పు కలుపుతాను. ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకుతో పోపు పెడతాను. పెరుగు వేశాక మళ్లీ పొయ్యి మీదకు ఎక్కించను. నిప్పుల మీద కాల్చిన అరటికాయతో చేస్తే రుచి వేరు, పద్ధతి మాత్రం ఇదే.

ఉడికించినప్పుడు, చల్లార్చాక, రెండుసార్లూ అయోడిన్ చుక్క వేశాను. రెండూ ఒకేలా నల్లబడ్డాయి. అయోడిన్ పిండి ఉందో లేదో చెబుతుంది, అది అరిగేదో అరగనిదో చెప్పదు. ఆ తేడా ప్రయోగశాలలో ఎంజైములతో కొలవాల్సిందే.

వారం పాటు రోజూ తిన్న మా ఆయనకు మొదటి రెండు రోజులు కడుపుబ్బరం వచ్చింది. అరగని పిండిని పెద్దపేగు బ్యాక్టీరియా పులియబెట్టినప్పుడు వాయువు పుడుతుంది. అర కాయకు తగ్గించి మెల్లగా పెంచితే సర్దుకుంది. పేగు జబ్బులున్నవారు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారు ఇలాంటి మార్పులు, ముఖ్యంగా ప్రోబయోటిక్ గుళికలు, వైద్యుణ్ని అడిగే మొదలుపెట్టాలి.

మే: తరవాణి

అత్తయ్యగారు పట్టుబట్టి తరవాణి కుండ పెట్టించారు. గంజి, బియ్యం కడుగు రోజూ పోస్తూ పులియబెట్టి, అందులో అన్నం వేసి ఉంచే పాత పద్ధతి. చెంచా పరీక్షలో పాలు పెరుగంత గట్టిగా తోడుకోలేదు, పలచగా, బుడగలతో చిక్కబడ్డాయి. పులిపించే ప్రాణులున్నాయి, రకాలు వేరు. చల్లారిన అన్నం కాబట్టి కాస్త అరగని పిండీ ఉంటుంది. పులుపు లేని ఉత్త అన్నాన్ని మాత్రం ఈ ఎండల్లో రాత్రంతా బయట ఉంచి చద్దన్నం అనుకోకూడదు. అన్నంలో మిగిలే కొన్ని బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు, వెచ్చగా ఉంటే విషం తయారు చేస్తాయి. పెరుగు లేదా పుల్లటి తరవాణి ముందే కలిపి ఉంచితే ఆ ముప్పు తగ్గుతుంది. ఉత్త అన్నమైతే రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. ప్రస్తుతం కుండ పక్కనే పులుపు కొలిచే కాగితం ముక్కలు పెట్టుకున్నాను. రంగు పీహెచ్ 4.5 కంటే తక్కువ, అంటే బాగా పులుపు, చూపిన రోజే అన్నం వేస్తున్నాం.